లాగ్ కాంపెన్సేటర్: స్థిరస్థితి దోషాన్ని తగ్గించే రూపకల్పన

లాగ్ కాంపెన్సేటర్ ఫీడ్‌బ్యాక్ నియంత్రణ వలయంలో అదనంగా చేర్చే ఒక చిన్న వడపోత. నెమ్మదిగా మారే సంకేతాలను అది చాలా రెట్లు పెంచుతుంది, వేగంగా మారేవాటి జోలికి దాదాపు వెళ్లదు. గణిత రూపంలో దానికి ఒక జీరో, ఒక పోల్ ఉంటాయి:

C(s) = (s + z) / (s + p),  z > p

రెండూ మూలబిందువుకు చాలా దగ్గరగా, ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. z, p ల నిష్పత్తి 10 అయితే నెమ్మది సంకేతాలకు గెయిన్ 10 రెట్లు అవుతుంది. వేగవంతమైన సంకేతాలకు అది 1 దగ్గరే ఆగిపోతుంది. ఈ తేడానే దాని ఉపయోగమంతా. యంత్రం కుదుటపడ్డాక మిగిలే తప్పు, అంటే స్థిరస్థితి దోషం, నెమ్మది సంకేతాల గెయిన్‌ను బట్టి ఉంటుంది. ఆదేశం మారిన తొలి క్షణాల్లో కనిపించే ఊగిసలాట, అంటే ట్రాన్సియెంట్ స్పందన, వేగవంతమైన సంకేతాల గెయిన్‌ను బట్టి ఉంటుంది. ఒకదాన్ని కదిలించకుండా రెండోదాన్ని సరిచేయడమే లాగ్ రూపకల్పన లక్ష్యం. అయితే ఆ కదిలించకపోవడం ఎంతవరకు నిజమో లెక్క వేసి చూస్తేనే తెలుస్తుంది.

ఉపగ్రహాన్ని వెంబడించే యాంటెన్నా

హైదరాబాద్‌కు దక్షిణాన షాద్‌నగర్‌లో జాతీయ దూరసంవేదన కేంద్రానికి భూకేంద్రం ఉంది. భూమిని చిత్రించే ఉపగ్రహాలు ఆకాశంలో దాటిపోతున్నప్పుడు అక్కడి డిష్ యాంటెన్నాలు వాటిని అనుసరిస్తూ సమాచారాన్ని అందుకుంటాయి. 500 నుంచి 800 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఇలాంటి ఉపగ్రహం ఒక కేంద్రానికి కనిపించేది మహా అయితే పావుగంట. నడినెత్తికి దగ్గరగా వచ్చినప్పుడు దాని కోణీయ వేగం సెకనుకు అర డిగ్రీ దాటి ఒక డిగ్రీకి చేరువవుతుంది. ఈ పనికోసం 5 మీటర్ల డిష్‌ను ఊహించుకుందాం. కింది లెక్కలోని అంకెలు ఏ కేంద్రంలోని యాంటెన్నావీ కావు, విషయం తేటపడేలా ఎంచుకున్నవి.

8.2 గిగాహెర్ట్జ్ దగ్గర ఈ డిష్ పుంజం వెడల్పు సుమారు అర డిగ్రీ. పుంజం నడిమి నుంచి పావు డిగ్రీ పక్కకు తప్పితే అందే శక్తి సగానికి పడిపోతుంది. అంటే గురి ఎంత తప్పినా 0.25 డిగ్రీలు మించకూడదు, అందులో సగం కూడా లేకపోతే మరీ మంచిది.

డిష్‌ను తిప్పే మోటారు, గేరు, డ్రైవ్ కలిపి ఇలా రాయవచ్చు:

G(s) = K / [ s (s + 2)(s + 10) ]

s ఒంటరిగా ఉన్న పదం మోటారు వేగం కోణంగా పోగుపడటాన్ని సూచిస్తుంది. (s + 2) మోటారు, డిష్‌ల జడత్వం. (s + 10) డ్రైవ్ స్పందించడానికి తీసుకునే కొద్దిపాటి ఆలస్యం. వలయంలో సమాకలని ఒకటి ఇప్పటికే ఉంది కాబట్టి, డిష్‌ను ఒక కోణానికి తిరగమని ఆదేశిస్తే చివరికి దోషం మిగలదు. అసలు ఇబ్బంది కదిలే లక్ష్యంతో వస్తుంది. లక్ష్యం ఒకే వేగంతో జరుగుతుంటే డిష్ ఎప్పుడూ దాని వెనక కొంత దూరంలో ఉంటుంది. ఆ దూరం లక్ష్యం వేగాన్ని వేగ స్థిరాంకం Kv తో భాగిస్తే వస్తుంది. ఇక్కడ Kv విలువ K/20.

ముందుగా కాంపెన్సేటర్ లేకుండా K ఎంత ఉండాలో చూడాలి. డాంపింగ్ నిష్పత్తి 0.5 కావాలనుకుంటే ప్రధాన పోల్‌లు −a ± j√3·a రూపంలో ఉంటాయి. మూసిన వలయం సమీకరణం s³ + 12s² + 20s + K = 0. గుణకాలు పోల్చితే 24a = 20 అని తేలుతుంది, అంటే a = 0.833. దాన్నిబట్టి ప్రధాన పోల్‌లు −0.833 ± j1.443, మూడోది −10.33, K విలువ 28.7. ఆదేశాన్ని హఠాత్తుగా మార్చితే డిష్ లక్ష్యాన్ని సుమారు 16 శాతం దాటి 2.3 సెకన్లకు శిఖరం చేరుతుంది, ఐదు సెకన్లలోపు కుదుటపడుతుంది. అంత బరువైన వస్తువుకు ఇది మంచి స్పందనే.

Kv మాత్రం 1.435 దగ్గరే ఆగిపోయింది. లక్ష్యం సెకనుకు ఒక డిగ్రీ చొప్పున కదిలితే డిష్ దాని వెనక 0.7 డిగ్రీల దూరంలో నడుస్తుంది. ఉపగ్రహం ప్రధాన పుంజం దాటి బయటికి పోయినట్టే. డిష్ చక్కగా తిరుగుతుంది, ఎక్కడా ఊగదు, కానీ సమాచారం అందదు.

గెయిన్ పెంచితే సరిపోదా అనేది ఎవరికైనా మొదట తట్టే ప్రశ్న. దోషాన్ని పదో వంతుకు దించాలంటే K ని 287 చేయాలి. అదే సమీకరణానికి రౌత్ పరీక్ష పెడితే K విలువ 12 × 20 = 240 దాటగానే వలయం అస్థిరమవుతుంది. డిష్ సెకనుకు 4.5 రేడియన్ల కోణీయ పౌనఃపున్యంతో ఊగుతూ, ఆ ఊపు అంతకంతకూ పెరుగుతుంది. ఇక్కడ గెయిన్ అవసరం ఉన్నది నెమ్మది సంకేతాలకే. 240 అనే పరిమితి విధించేది మాత్రం వేగవంతమైన సంకేతాలు. రెండింటినీ ఒకే మీటతో తిప్పబోతే దారి మూసుకుపోతుంది.

పోల్‌ను, జీరోను ఎక్కడ పెట్టాలి

కావలసిన మెరుగుదల పది రెట్లు కాబట్టి z/p = 10. మిగిలిన నిర్ణయం ఒక్కటే, ఈ జంట మూలబిందువుకు ఎంత దగ్గరగా ఉండాలి? పాఠ్యపుస్తకాలు చెప్పే మోటు సూత్రం ప్రకారం జీరోను క్రాసోవర్ పౌనఃపున్యానికి సుమారు పదో వంతులో పెట్టాలి. మన వలయంలో గెయిన్ 1కి దిగే చోటు సెకనుకు 1.22 రేడియన్లు. కాబట్టి z = 0.1, p = 0.01 అనుకుందాం.

వాల్టర్ ఎవాన్స్ 1948లో ప్రచురించిన రూట్ లోకస్ పద్ధతితో దీన్ని వెంటనే పరీక్షించవచ్చు. ప్రధాన పోల్ ఉన్న చోటు నుంచి చూస్తే జీరో వైపు కోణం 116.9 డిగ్రీలు, కొత్త పోల్ వైపు కోణం 119.7 డిగ్రీలు. జంట కలిపే కోణం −2.8 డిగ్రీలు మాత్రమే. ఇది ఐదు డిగ్రీల లోపు ఉంటే రూట్ లోకస్ ప్రధాన పోల్ దగ్గర పెద్దగా జరగదని రూపకర్తలు భావిస్తారు. దూరం నుంచి చూసినప్పుడు పోల్, జీరో ఒకదాన్నొకటి దాదాపు కొట్టేసుకుంటాయి. మూలబిందువు దగ్గరికి వచ్చి చూస్తే మాత్రం వాటి మధ్య పది రెట్ల తేడా అలాగే ఉంటుంది.

హెండ్రిక్ బోడే బెల్ ల్యాబ్స్‌లో రూపొందించిన పౌనఃపున్య పద్ధతిలోనూ ఇదే తేలుతుంది. కాంపెన్సేటర్ లేనప్పుడు ఫేజ్ మార్జిన్ 51.7 డిగ్రీలు. క్రాసోవర్ దగ్గర లాగ్ జంట 4.2 డిగ్రీల ఫేజ్‌ను తినేస్తుంది కాబట్టి మిగిలేది 47.5. గెయిన్‌లో మార్పు వెయ్యింట మూడు వంతులే.

విద్యార్థులను తరచూ తికమకపెట్టే సంగతి ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. కొన్ని పుస్తకాలు లాగ్‌ను నెమ్మది సంకేతాల గెయిన్ పెంచే సాధనంగా వర్ణిస్తాయి, మరికొన్ని వేగవంతమైన సంకేతాల గెయిన్ తగ్గించే సాధనంగా. రెండూ ఒకటే. మొదటి దారిలో K = 28.7తో బయలుదేరి కింది పౌనఃపున్యాలను పది రెట్లు పైకెత్తుతాం. రెండో దారిలో దోషం తగ్గడానికి కావలసిన K = 287తో బయలుదేరి, అస్థిరమైన ఆ వలయంలో పై పౌనఃపున్యాలను పదో వంతుకు అణచివేస్తాం. చివరికి వచ్చే వలయంలో ఏ తేడా ఉండదు. రూట్ లోకస్‌తో పనిచేసేవారికి మొదటి దారి, బోడే పటంతో పనిచేసేవారికి రెండో దారి సహజంగా అనిపిస్తుంది.

ఇక ఫలితం. కాంపెన్సేటర్ కలిపాక మూసిన వలయం సమీకరణం నాలుగో ఘాతానిది:

s⁴ + 12.01s³ + 20.12s² + 28.9s + 2.87 = 0

దీని మూలాలు −0.786 ± j1.409, −10.33, −0.1067. ప్రధాన జంట డాంపింగ్ 0.5 నుంచి 0.49కి, సహజ పౌనఃపున్యం 1.67 నుంచి 1.61కి వచ్చాయి. Kv 14.35 అయింది. సెకనుకు డిగ్రీ వేగంతో కదిలే లక్ష్యం వెనక డిష్ ఇప్పుడు 0.07 డిగ్రీల దూరంలోనే ఉంటుంది. వలయం లోపల మోటారు మీద నిలకడగా పడే గాలి ఒత్తిడి వల్ల వచ్చే కోణీయ తప్పు కూడా పదో వంతుకు తగ్గుతుంది. చాలా పుస్తకాల్లో ఉదాహరణ ఇక్కడితో ముగుస్తుంది. ఇక్కడ ఆగితే సగం నిజమే చేతికొస్తుంది.

తోక

నాలుగు మూలాల్లో −0.1067 ఒకటి ఉంది. అది −0.1 దగ్గరున్న జీరోకు అతి చేరువలో ఉంది కాబట్టి దాని ప్రభావం చిన్నదని కొట్టేయాలనిపిస్తుంది. చిన్నదే, సున్నా మాత్రం కాదు. ఆదేశం హఠాత్తుగా మారినప్పుడు ఈ పోల్ నుంచి వచ్చే భాగం మొత్తం కదలికలో 7.2 శాతంతో మొదలై, 9.4 సెకన్ల కాలస్థిరాంకంతో కరుగుతుంది. ప్రధాన ఊగిసలాట ముగిసిపోయాక కూడా అది పొడవాటి తోకలా మిగిలి ఉంటుంది.

అంకెలు చూస్తే దీని బరువు తెలుస్తుంది. ఓవర్‌షూట్ 16 శాతం నుంచి 24 శాతానికి పెరిగింది. డాంపింగ్ దాదాపు మారలేదు కాబట్టి ఈ పెరుగుదలలో పెద్ద భాగం తోక నుంచే వచ్చింది. శిఖరం మునుపటిలాగే 2.3 సెకన్ల దగ్గరే ఉంది, కానీ అది తోక మీద ఎక్కి కూర్చుంది. లక్ష్యం చుట్టూ రెండు శాతం పరిధిలోకి చేరి స్థిరపడటానికి ఐదు సెకన్లు పట్టేది ఇప్పుడు 12 సెకన్లు పడుతోంది. పది డిగ్రీలు తిరగమంటే పది సెకన్ల తర్వాత కూడా డిష్ పావు డిగ్రీ ముందుకు జరిగే ఉంటుంది. ఆ పావు డిగ్రీ ఇక్కడ సగం పుంజానికి సమానం.

కంట్రోల్ ప్యాకేజీని లోడ్ చేసుకున్న ఆక్టేవ్‌లో గానీ మ్యాట్‌లాబ్‌లో గానీ మూడు వరుసలతో దీన్ని కళ్లారా చూడవచ్చు:

```
G = tf(28.7, conv([1 2 0], [1 10]));
C = tf([1 0.1], [1 0.01]);
step(feedback(G,1), feedback(C*G,1), 30)
```

చివర ఉన్న 30 ముఖ్యమైనది. ఐదు సెకన్ల వరకే గీస్తే రెండు వక్రాలూ ఒకే తీరులో ఊగి, రెండోది కాస్త పైన నిలబడినట్టు అనిపిస్తుంది. ముప్పై సెకన్లు గీస్తేనే రెండో వక్రం 1 వైపు ఎంత నిదానంగా దిగుతోందో కనిపిస్తుంది. నిజమైన యంత్రం మీద పరీక్షించేటప్పుడు కూడా రికార్డింగ్‌ను త్వరగా ఆపేయడం వల్లనే తోక కంటపడకుండా పోతుంది.

తోకను చిన్నది చేయడానికి జంటను మూలబిందువుకు ఇంకా దగ్గరగా జరపవచ్చు. z = 0.02, p = 0.002 తీసుకుంటే నిష్పత్తి అదే పది, Kv అదే 14.35. తోక పరిమాణం 1.3 శాతానికి తగ్గుతుంది, అంటే రెండు శాతం పరిధిలోపలే ఉండిపోతుంది. ఓవర్‌షూట్ దాదాపు పాత స్థాయికి వస్తుంది. హఠాత్తు ఆదేశంతో మాత్రమే పరీక్షించేవారికి ఇది అన్నివిధాలా మెరుగైన రూపకల్పనగా కనిపిస్తుంది.

కానీ ఈ యాంటెన్నా పని హఠాత్తుగా తిరిగి ఆగడం కాదు, కదిలే లక్ష్యాన్ని వెంబడించడం. లక్ష్యం నిలకడ స్థితి నుంచి సెకనుకు ఒక డిగ్రీ వేగం అందుకుంటే, మొదటి రెండు సెకన్లలో దోషం కాంపెన్సేటర్ ఉన్నా లేకున్నా 0.85 డిగ్రీ దగ్గరికి పోతుంది. అప్పటికి లాగ్ ఇంకా ఏ పనీ మొదలుపెట్టలేదు. ఆ తర్వాత z = 0.1 ఉన్న వలయంలో దోషం ఇలా నడుస్తుంది:

e(t) ≈ 0.07 + 0.68·exp(−t/9.4)

z = 0.02 ఉన్న వలయంలో ఇలా:

e(t) ≈ 0.07 + 0.64·exp(−t/49)

రెండూ చివరికి చేరేది 0.07కే. అయితే పుంజంలోకి, అంటే 0.25 డిగ్రీలకు, దోషం దిగడానికి మొదటిదానికి 12 సెకన్లు పడితే రెండోదానికి నిమిషం దాటుతుంది. 0.1 డిగ్రీకి దిగాలంటే మొదటిది అర నిమిషంలో చేరుతుంది, రెండోది రెండున్నర నిమిషాలు తీసుకుంటుంది. ఉపగ్రహం కనిపించేదే పావుగంట లోపు అయినప్పుడు ఇది చాలా పెద్ద నష్టం. నిజానికి దిక్చక్రం దగ్గర ఉపగ్రహం కోణీయ వేగం తక్కువగా ఉండి క్రమంగా పెరుగుతుంది కాబట్టి మొదటి కుదుపు ఇంత తీవ్రంగా ఉండదు. కానీ వేగం మారుతున్నంతసేపూ తోక కూడా కొత్తగా పుడుతూనే ఉంటుంది. నెమ్మదిగా కరిగే తోక ఆ మార్పును ఎప్పటికీ అందుకోలేదు.

లాగ్ రూపకల్పనలోని అసలు బేరం ఇదే. జంట ప్రధాన పోల్‌లకు దగ్గరైతే తోక పెద్దదై త్వరగా కరుగుతుంది, ఓవర్‌షూట్ పెరుగుతుంది. దూరమైతే తోక చిన్నదై చాలాసేపు ఉంటుంది, దోషం తగ్గడం ఆలస్యమవుతుంది. స్థిరస్థితి దోషం సూత్రంలో కాలం అనేదే కనిపించదు కాబట్టి ఈ రెండో నష్టం చేతిలెక్కలో దొరకదు. లాగ్ రూపకల్పనకు స్పెసిఫికేషన్ రాసేవారు దోషం ఎంత ఉండాలో రాసి ఊరుకోకుండా, అది ఎన్ని సెకన్లలో ఆ స్థాయికి దిగాలో కూడా రాస్తే ఈ బేరం మొదటి రోజే బల్ల మీదికి వస్తుంది. మన యాంటెన్నాకు z = 0.1 సరైన ఎంపిక. 24 శాతం ఓవర్‌షూట్ ఇబ్బంది అనుకుంటే, మొదట్లోనే డాంపింగ్‌ను 0.5కు బదులు 0.6 దగ్గర ఎంచుకుని లాగ్‌కు కొంత చోటు వదిలిపెట్టాలి. దానికి మూల్యంగా K తగ్గుతుంది కాబట్టి నిష్పత్తిని పదికన్నా కొంచెం పెంచాల్సి వస్తుంది.

పరీక్ష విషయంలో ఇంకొక జాగ్రత్త. ఈ వలయంలో సమాకలని ఉంది కాబట్టి హఠాత్తు ఆదేశానికి చివరి దోషం కాంపెన్సేటర్ లేకపోయినా సున్నానే. అలాంటి పరీక్షతో లాగ్ తన పని చేసిందో లేదో ఎన్నటికీ తేలదు. స్థిర వేగంతో కదిలే ఆదేశం ఇచ్చి, కనీసం నాలుగు కాలస్థిరాంకాలు, మన లెక్కలో దాదాపు 40 సెకన్లు, ఆగి దోషాన్ని చదవాలి.

సర్క్యూట్ నుంచి సాఫ్ట్‌వేర్ దాకా

రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికాలోని ఎంఐటీ రేడియేషన్ లాబొరేటరీలో రాడార్ యాంటెన్నాల సర్వోలు రూపొందించినవారికి కాంపెన్సేటర్ అంటే నిరోధాలు, కెపాసిటర్లే. అక్కడి పని 1947లో సర్వోమెకానిజమ్‌ల సిద్ధాంతం మీద ఒక గ్రంథంగా వెలువడింది. లాగ్ వలయానికి రెండు నిరోధాలు, ఒక కెపాసిటర్ చాలు. సంకేతం R1 గుండా వస్తుంది, అవుట్‌పుట్ దగ్గర R2, C ఒకదాని తర్వాత ఒకటిగా భూమికి కలుస్తాయి. జీరో 1/(R2·C) దగ్గర, పోల్ 1/((R1+R2)·C) దగ్గర ఏర్పడతాయి. నెమ్మది సంకేతాలకు దీని గెయిన్ 1, వేగవంతమైనవాటికి 0.1. దీని వెనక పది రెట్ల ఆంప్లిఫయర్ పెడితే మన C(s) తయారవుతుంది.

మన అంకెలకు R2·C పది సెకన్లు, (R1+R2)·C వంద సెకన్లు కావాలి. 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్ వాడినా R2 ఒక మెగాఓమ్, R1 తొమ్మిది మెగాఓమ్‌లు. కాగితం మీద తేలికగా ఉన్న ఈ సర్క్యూట్ బల్ల మీద ఇక్కడే మొండికేస్తుంది. తర్వాతి ఆంప్లిఫయర్ ఇన్‌పుట్ 100 నానోఆంపియర్ల కరెంటు లాగినా తొమ్మిది మెగాఓమ్‌ల మీద 0.9 వోల్టు తప్పు పుడుతుంది. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ నుంచి ఒక మైక్రోఆంపియర్ కారినా తొమ్మిది వోల్టులు. దోషం తగ్గించడానికి పెట్టిన సర్క్యూటే కొత్త దోషం తెచ్చిపెడుతుంది. అందుకే ఇలాంటి చోట ఫిల్మ్ కెపాసిటర్, ఇన్‌పుట్ కరెంటు అతి స్వల్పంగా ఉండే ఫెట్ రకం ఆపరేషనల్ ఆంప్లిఫయర్ వాడాలి. z = 0.02 ఎంచుకుని ఉంటే ఈ విలువలన్నీ ఇంకో ఐదు రెట్లు పెరిగేవి. జంటను మరీ మూలబిందువు పక్కకు తోయకపోవడానికి పాతతరం రూపకర్తలకు ఇది గట్టి కారణం.

ఇప్పుడు అదే పని మైక్రోకంట్రోలర్‌లో ఒక్క వరుసలో జరిగిపోతుంది. సెకనుకు వంద నమూనాలు తీసుకుంటూ, ట్రెపిజాయిడ్ పద్ధతిలో C(s) ను మార్చితే వచ్చేది ఇది:

```
u = 0.9999*u1 + 1.00045*e - 0.99945*e1
```

ఇక్కడ e ప్రస్తుత దోషం, e1 అంతకుముందు నమూనా దోషం, u1 అంతకుముందు అవుట్‌పుట్. నెమ్మది సంకేతాల గెయిన్ (1.00045 − 0.99945) ని (1 − 0.9999) తో భాగిస్తే వస్తుంది, అంటే 0.001/0.0001 = 10. రెండు దాదాపు సమానమైన సంఖ్యల తేడా మీద మొత్తం రూపకల్పన ఆధారపడి ఉంది. గుణకాలను నాలుగు దశాంశాలకు కుదిస్తే, ఐదో అంకెను ఎటు సర్దామన్నదాన్ని బట్టి గెయిన్ 9 లేదా 10 వస్తుంది. మూడు దశాంశాలకు కుదిస్తే 0.9999 కాస్తా 1.000 అయిపోతుంది. పోల్ నేరుగా మూలబిందువు మీదికి జారి, లాగ్ కాంపెన్సేటర్ చెప్పాపెట్టకుండా పీఐ కంట్రోలర్‌గా మారుతుంది. పరీక్షలో స్థిర వేగ దోషం 0.07 బదులు సున్నా వచ్చిందంటే సంతోషించే ముందు గుణకాల అంకెలు సరిచూసుకోవాలి. ఫిక్స్‌డ్ పాయింట్ ప్రాసెసర్‌లో ఈ వరుసకు 16 బిట్లు చాలవు, కనీసం పోగుపడే u విలువను 32 బిట్లలో దాచాలి.

పీఐతో పోలిక, పరిమితులు

p ని సున్నా చేస్తే లాగ్ పీఐ అవుతుంది, స్థిర వేగ దోషం పూర్తిగా పోతుంది. డిజిటల్ కంట్రోలర్లలో ఇది ఉచితంగా దొరికేటప్పుడు లాగ్ ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. సమాధానం ఘర్షణలో ఉంది. గేర్లలో స్థిర ఘర్షణ ఉన్నప్పుడు డిష్ లక్ష్యానికి కొద్ది దూరంలో అతుక్కుపోతుంది. పీఐలోని సమాకలని ఆ చిన్న దోషాన్నే పోగేసుకుంటూ పోయి, టార్క్ ఘర్షణను దాటగానే డిష్‌ను ఒక్క ఉదుటున అవతలి వైపుకు తోస్తుంది. అక్కడ మళ్లీ అదే కథ. నెమ్మదిగా అటూఇటూ సాగే ఈ ఊగిసలాట రికార్డింగ్‌లో గుండ్రటి అల కాకుండా మెట్లు మెట్లుగా కనిపిస్తుంది, దాన్నిబట్టే గుర్తుపట్టవచ్చు. లాగ్ గెయిన్ పరిమితం కాబట్టి దోషం చిన్నదైతే దాని అవుట్‌పుట్ ఒక హద్దు దగ్గర ఆగిపోతుంది, డిష్ స్వల్ప దోషంతోనే నిశ్చలంగా ఉండిపోగలదు. కొద్దిపాటి దోషం సహించగలిగి, కదలిక నునుపుగా ఉండాల్సిన చోట లాగ్ ఇప్పటికీ మంచి ఎంపిక.

పోగుపడే గుణం లాగ్‌లోనూ లేకపోలేదు. డిష్‌ను ఒక ఉపగ్రహం నుంచి మరోదానికి వంద డిగ్రీలు తిప్పేటప్పుడు డ్రైవ్ తన గరిష్ఠ హద్దును తాకుతుంది. ఆ సమయమంతా లాగ్ పెద్ద దోషాన్ని జ్ఞాపకం పెట్టుకుంటూనే ఉంటుంది. లక్ష్యం చేరాక ఆ జ్ఞాపకం వంద సెకన్ల స్థాయి కాలస్థిరాంకంతో గానీ, వలయం పనిచేస్తుంటే 9.4 సెకన్లతో గానీ కరగాలి. ఈలోగా డిష్ లక్ష్యాన్ని దాటి చాలా దూరం పోతుంది. దీనికి సాధారణమైన విరుగుడు, పెద్ద కదలికలప్పుడు లాగ్‌ను వలయం నుంచి తప్పించి, లక్ష్యం ఒకటి రెండు డిగ్రీల దూరంలోకి వచ్చాక సున్నా జ్ఞాపకంతో తిరిగి కలపడం.

కోణాన్ని కొలిచే ఎన్‌కోడర్‌లోనే తప్పుంటే లాగ్ ఏమీ చేయలేదు. 0.1 డిగ్రీ పక్కకు చూపించే ఎన్‌కోడర్‌ను నమ్మి వలయం ఆ 0.1 డిగ్రీ తప్పును మరింత కచ్చితంగా అమలు చేస్తుంది. అలాగే మొదటి వలయం స్పందనే బాగాలేకపోతే, ఉదాహరణకు డాంపింగ్ 0.2 ఉన్నప్పుడు, లాగ్ దాన్ని మెరుగుపరచదు. పైగా తినేసే ఆ నాలుగు డిగ్రీల ఫేజ్‌తో మరికాస్త దిగజారుస్తుంది. అలాంటప్పుడు ముందు లీడ్ కాంపెన్సేటర్‌తో ప్రధాన పోల్‌లను ఎడమవైపుకు జరిపి, K పెరిగే వీలు కల్పించుకోవాలి. తర్వాత మిగిలిన దోషం ఎంతో చూసి, దానికి తగిన నిష్పత్తితో లాగ్‌ను కలపాలి. మన యాంటెన్నాలో లీడ్ వల్ల K మూడు రెట్లు పెరిగితే లాగ్ నిష్పత్తి పది కాకుండా మూడున్నర లోపే సరిపోతుంది. క్రాసోవర్ కూడా పైకి జరుగుతుంది కాబట్టి జంటను మూలబిందువు నుంచి మరింత దూరంగా పెట్టుకోవచ్చు, తోక కరిగే సమయం ఆ మేరకు తగ్గుతుంది.